రంగు తలకు పెట్టే ముందు దువ్వెన వెంట్రుకలకు పెట్టి చూడటం ఎలా?

తెల్ల వెంట్రుకలకు ఇంట్లోనే రంగు వేసుకోవాలనుకుంటే, దుకాణానికి వెళ్లే ముందు రెండు వారాల పాటు ఒక పని చేయండి. దువ్వెనకు వచ్చిన వెంట్రుకలను చుట్టి పారేయకుండా ఒక కాగితం సంచిలో దాచండి. వీధిలో వెంట్రుకలు కొనడానికి వచ్చేవాళ్లకు కూడా ఇవ్వకండి. పర్మనెంట్ రంగు, సెమీ పర్మనెంట్ రంగు, గోరింటాకు పొడి: ఈ మూడింటిలో మీ తెల్ల జుట్టును ఏది ఎంతవరకు కప్పుతుందో, ఏది పాడుచేస్తుందో డబ్బా మీది బొమ్మ కంటే ఆ వెంట్రుకలే నిజంగా చెబుతాయి.

కావలిలో ఉండే మా వదిన విషయంలో చేసినది అదే. ఆమెకు 46 ఏళ్లు. కణతల దగ్గర సగానికి పైగా తెల్లబడింది, పాపిట వెంట మూడో వంతు, వెనక భాగం ఇంకా నల్లగానే ఉంది. ఏడేళ్లుగా ‘నల్ల హెన్నా’ అని రాసి ఉన్న పొడి ప్యాకెట్ నీళ్లలో కలిపి పెట్టుకుంటోంది. చివరి రెండుసార్లూ నుదుటి అంచున దురద, ఎర్రటి పొక్కులు వచ్చాయి. దాంతో మూడు నెలలు మానేసింది. “నేను వాడేది గోరింటాకే కదమ్మా, దానికి కూడా పడకపోవడమేమిటి?” అని ఫోనులో అడిగింది. ఒంగోలు నుంచి వెళ్లి చూస్తే, ఆ ప్యాకెట్ వెనక చిన్న అక్షరాల్లో అసలు సంగతి ఉంది.

కాబట్టి వెంట్రుకలు పోగవుతుండగా మీరు చేయాల్సిన పని ప్యాకెట్ చదవడం. ముందువైపు ఏం రాసి ఉన్నా పట్టించుకోకండి, వెనకవైపు పదార్థాల జాబితా చూడండి. అందులో పారాఫినైలిన్‌డయమిన్ అనే పేరు గానీ, దాని పొడి అక్షరాలు పీపీడీ గానీ కనిపిస్తే, పక్కనే బేరియం పెరాక్సైడ్ లేదా సోడియం పెర్బోరేట్ ఉంటే, అది గోరింటాకు కాదు. గోరింటాకు కొంత కలిసి ఉండవచ్చు, కానీ నలుపు ఇచ్చేది ఆ రసాయనమే. అంటే అది పొడి రూపంలో ఉన్న పర్మనెంట్ రంగు. పీపీడీ ఉన్న రంగుల మీద ముందు చర్మంపై పరీక్షించాలని, కనురెప్పలకు, కనుబొమలకు వాడితే చూపు పోవచ్చని హెచ్చరిక ముద్రించాలని మన దేశంలో నిబంధన ఉంది. గోరింటాకు పేరున్న ప్యాకెట్ మీద ఆ హెచ్చరిక కనిపిస్తే అనుమానించండి.

జాబితా లేని విడి పొడి అయితే ఒక చెంచాడు నీళ్లలో కలిపి తెల్లటి కాగితపు రుమాలు మీద ఉంచండి. అసలైన గోరింటాకు పైన గోధుమ రంగుకు తిరిగినా లోపల ఆకుపచ్చగానే ఉండి, రెండు మూడు గంటల్లో చుట్టూ నారింజ, ఇటుక రంగు మరకను వదులుతుంది. అరగంటలోనే ముద్ద నల్లబడి, మరక కూడా నల్లగానో ఊదాగానో వస్తే అది రసాయనం. గోరింటాకు ఒక్కటే పెట్టి ఏ జుట్టునూ నల్లగా చేయలేము. ఈ ఒక్క మాట గుర్తుంటే దుకాణంలో సగం మోసాలు తప్పుతాయి.

ఇక ‘అమ్మోనియా లేనిది’ అనే మాట. చాలామంది దీన్ని సెమీ పర్మనెంట్ అనుకొని కొంటారు. పెట్టె విప్పితే రెండు గొట్టాలు, లేదా ఒక గొట్టం, ఒక సీసా ఉంటాయి. రెండోది డెవలపర్, అందులో ఉండేది హైడ్రోజన్ పెరాక్సైడ్. అమ్మోనియా బదులు ఎథనాలమిన్ వాడితే ఘాటు వాసన ఉండదు, కానీ పని అదే. గుర్తు పట్టడం తేలిక: రెండు కలిపి వాడాల్సి వస్తే అది పర్మనెంట్ కుటుంబానిదే, లేదా తక్కువ పెరాక్సైడ్‌తో చేసే దాని తమ్ముడు. ఒకే గొట్టంలో రంగు తయారుగా ఉండి, నేరుగా పూయగలిగితేనే సెమీ పర్మనెంట్. షాంపూలా రుద్దుకునే నల్ల రంగు సాచెట్లు కూడా దాదాపు అన్నీ పర్మనెంట్ రంగులే. పది నిమిషాల్లో పని అయిపోతుందని వాటిని సాధువులనుకోకండి.

ఇప్పుడు వెంట్రుకల పరీక్షకు వద్దాం. పోగైన వాటిలో తెల్లవి ఏరండి. ముప్ఫై నలభై చొప్పున నాలుగు కట్టలు కావాలి. పాత రంగు ఉన్న వెంట్రుకలైతే కుదుళ్ల వైపు తెల్లటి భాగాన్ని ఒకే పక్కకు సర్దండి. వదిన మూడు నెలలు మానేసింది కాబట్టి మాకు మూడు, నాలుగు సెంటీమీటర్ల తెలుపు దొరికింది. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు, అంతకు కొంచెం ఎక్కువ పెరుగుతుంది. వేర్వేరు రంగుల దారాలతో కట్టలు కట్టి, షాంపూతో కడిగి ఆరబెట్టండి. కొబ్బరినూనె జిడ్డు ఉంటే ఏ ఫలితమూ నమ్మదగినది కాదు.

మొదటి కట్టకు పర్మనెంట్ రంగు. కొద్దిగా రంగు, దాని కరపత్రంలో చెప్పిన నిష్పత్తిలో డెవలపర్ కలిపి, పింగాణీ సాసర్‌లో పూసి, కరపత్రం చెప్పినంతసేపు ఉంచండి. గ్లౌజులు ఇప్పటి నుంచే వేసుకోండి. ముద్ద పది నిమిషాలకే నల్లబడుతుంది. గాలి తగిలి ముద్ద నల్లబడటం వేరు, వెంట్రుక లోపల రంగు ఏర్పడటం వేరు. తడి దూదితో రెండు వెంట్రుకల మీద ముద్దను తుడిచి చూస్తేనే లోపలి సంగతి తెలుస్తుంది. రెండో కట్టకు సెమీ పర్మనెంట్ రంగు పూసి అరగంట. మూడో కట్టకు నానబెట్టిన గోరింటాకు ముద్ద మూడు గంటలు. నాలుగో కట్టకు ముందు అదే గోరింటాకు, కడిగాక ఆ పైన నీలి ఆకు పొడి ముద్ద గంట. ఆయుర్వేద దుకాణాల్లో దాన్ని ఇండిగో పొడి అని కూడా అమ్ముతారు. ఒకప్పుడు నెల్లూరు, కడప జిల్లాల పొలాల్లో నీలిమందు పంటగా సాగిన మొక్క ఇదే.

కట్టలు ఆరాక ఒకసారి, ఎనిమిది సార్లు షాంపూతో కడిగాక మరోసారి, కిటికీ దగ్గర పగటి వెలుతురులో చూడండి. వారానికి రెండు తలస్నానాల లెక్కన ఎనిమిది కడుగుళ్లంటే ఒక నెల. మాకు కనిపించింది ఇది. పర్మనెంట్ కట్టలో ఒక్క తెల్ల వెంట్రుకా మిగల్లేదు, ఎనిమిది కడుగుళ్ల తర్వాత కూడా పెద్దగా వెలవలేదు. సెమీ పర్మనెంట్ కట్ట మొదట బూడిద కలిసిన గోధుమ రంగు పట్టింది, ఆరో కడుగుకు మళ్లీ తెల్లదనం తొంగి చూసింది. గోరింటాకు కట్ట గుమ్మడిపండు రంగుకు తిరిగి, రెండు రోజుల్లో రాగి రంగుకు ముదిరి, అక్కడే నిలిచింది. నాలుగో కట్ట మొదటిరోజు పచ్చటి ఛాయతో కలవరపెట్టి, మూడో రోజుకు నల్లటి గోధుమ రంగులో స్థిరపడింది.

దీనికి కారణం వెంట్రుక నిర్మాణంలో ఉంది. వెంట్రుక పైపొర పెంకుటింటి కప్పులా ఒకదానిమీద ఒకటి పేర్చిన పొలుసులతో ఉంటుంది. అమ్మోనియా వంటి క్షారం ఆ పెంకులను లేపుతుంది. రంగులేని చిన్న అణువులు లోపలికి దూరి, పెరాక్సైడ్ వల్ల అక్కడే కలిసి పెద్ద రంగు అణువులవుతాయి, ఇక బయటికి రాలేవు. అందుకే తెలుపును పూర్తిగా కప్పుతుంది. అందుకే నష్టం కూడా: లేచిన పెంకులు మళ్లీ మునుపటిలా కూర్చోవు, వాటి పైన సహజంగా ఉండే జిడ్డు పొర పోతుంది. సెమీ పర్మనెంట్‌లో ముందే తయారైన రంగు పెంకుల పైన, సందుల్లో అంటుకుంటుంది. పెంకులను లేపదు కనుక హాని చాలా తక్కువ, కడిగితే పోతుంది కనుక కప్పడమూ తక్కువే. గోరింటాకులోని లాసోన్ అనే రంగు వెంట్రుకలోని కెరాటిన్‌కే అతుక్కుంటుంది. పెంకులను పగలగొట్టదు, నల్ల వెంట్రుకను తెల్లబరచదు. తెల్ల వెంట్రుక మాత్రం రాగి తీగలా మెరుస్తుంది.

నష్టాన్ని కూడా ఈ కట్టల్లోనే పట్టుకోవచ్చు. వెంట్రుకను వేళ్ల మధ్య పట్టి కొస నుంచి కుదురు వైపు లాగండి. గరుకు ఎంత పెరిగిందో రంగు వేయని వెంట్రుకతో పోల్చండి. తర్వాత తడి వెంట్రుకను రెండు చేతులతో మెల్లగా సాగదీసి వదలండి. బాగున్నది సాగి తిరిగి ముడుచుకుంటుంది. దెబ్బతిన్నది రబ్బరులా సాగిపోయి అలాగే ఉండిపోతుంది, లేదా పుటుక్కున తెగుతుంది. పర్మనెంట్ ఒకసారి వేసిన కట్టకు గరుకు మాత్రం పెరిగింది. వదిన పాత వెంట్రుకల కొసలు, ఏడేళ్లు ప్రతి నెలా మొత్తం పొడవునా అదే పొడి పూసుకున్నవి, తడిలో సాగి తెగాయి. ఒక్కసారి వేసిన రంగు కంటే, అప్పటికే రంగు ఉన్న పొడవు మీద మళ్లీ మళ్లీ పూయడమే జుట్టును ఎక్కువగా పాడుచేస్తుంది. పెరిగేది కుదుళ్ల దగ్గర ఒక వేలెడు తెలుపు కూడా కాదు, మరి నడుము దాకా ఉన్న జడకంతా ఎందుకు పూయడం?

రంగు ఎంచుకోవడంలో కట్టలది సగం మాటే, మిగతా సగం చర్మానిది. ఎంచుకున్న రంగును వాడే రూపంలోనే కలిపి, చెవి వెనక గానీ మోచేతి లోపలి మడతలో గానీ పప్పుబద్దంత పూసి, కరపత్రం చెప్పినట్టు ఉంచండి. 48 గంటలు గమనించండి. అరగంటలో ఏమీ కాలేదని తొందరపడవద్దు, ఈ రకం అలర్జీ రెండో రోజు, మూడో రోజు బయటపడుతుంది. ఇన్నేళ్లుగా వాడుతున్నాం కదా అనే ధీమా కూడా వద్దు. వాడుతూ ఉండగానే ఒక రోజు పడకుండా పోతుంది. ఒకసారి అలా అయితే తర్వాతిసారి మరింత తీవ్రంగా రావచ్చు. కళ్లు, ముఖం వాచినా, ఊపిరి అందకపోయినా ఇంటి వైద్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. దురద, పొక్కులు ఇదివరకే వచ్చినవారు ఈ పరీక్షను ఇంట్లో చేయకుండా చర్మవైద్యుల దగ్గర చేయించుకోవాలి. మగవాళ్లు మీసాలకు ఇదే రంగు రాసుకుంటారు గానీ, చర్మ పరీక్ష అంటే నవ్వుతారు. మీసం కింద చర్మం మరింత సున్నితం.

వదిన కట్టలను బట్టి చూస్తే పర్మనెంటే గెలిచింది. కానీ ఆమె చర్మం రెండుసార్లు ఎర్రజెండా చూపింది. పీపీడీ పడనివారికి దాని బదులు వాడే బంధు రసాయనాలు కూడా పడకపోవచ్చు. కాబట్టి ఆ పెట్టె పక్కన పెట్టాం. సెమీ పర్మనెంట్ నాలుగో వంతు లోపు తెలుపు ఉన్నవారికి సరిపోతుంది. నల్లటి వెంట్రుకల మధ్య అక్కడక్కడ ఉన్న తెలుపు కొంచెం మసకబారితే చాలు, కంటికి ఆనదు. సగం తెల్లబడిన కణతల మీద అది బూడిద పూసినట్టుంటుంది. పైగా మన తీరపు ఉక్కలో చెమటకు కరిగి రవికె మెడకు, దిండు గలీబుకు అంటుతుంది. మిగిలింది నాలుగో కట్ట.

మీరు ఎంచుకున్నది గోరింటాకు, నీలి ఆకు జోడీ అయితే ఇలా చేయండి. కుదుళ్లకు మాత్రమే అయితే 50 గ్రాముల గోరింటాకు పొడి చాలు, మొదటిసారి భుజాల దాకా మొత్తం పూయాలంటే 100 గ్రాములు. గోరువెచ్చటి నీళ్లు, ఒక చెంచా నిమ్మరసం కలిపి దోసె పిండి కంటే గట్టిగా, జారకుండా చేయండి. కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్లు గడుసుగా ఉంటాయి కనుక క్యాను నీళ్లు వాడటం నయం. మూత పెట్టి, ఎండాకాలం రెండు మూడు గంటలు, చలికాలం ఇంకొంతసేపు నానబెట్టండి. ముద్ద పైభాగం గోధుమ రంగుకు తిరిగి, లోపల ఆకుపచ్చగానే ఉంటే సిద్ధమైనట్టు. ఇనుప మూకుడులో నానబెడితే రంగు ముదురుతుంది. నాయనమ్మల కాలం నుంచి ఉన్న ఈ పద్ధతి పనిచేస్తుంది. అయితే ఆ ఇనుము వెంట్రుకలకు అంటుకుంటుంది, తర్వాత ఎప్పుడైనా పెరాక్సైడ్ ఉన్న రంగు వేస్తే జుట్టు మరింత దెబ్బతింటుంది. మళ్లీ పర్మనెంట్‌కు మారే ఆలోచన ఉంటే పింగాణీ గిన్నె వాడండి.

శుభ్రమైన, పొడి జుట్టును సన్నని పాయలుగా తీసి, మొదట కణతలకు, తర్వాత పాపిటకు, చివర వెనక భాగానికి పూయండి. తెల్ల వెంట్రుక మొండిది, దానికే ఎక్కువ సమయం కావాలి. ప్లాస్టిక్ టోపీ పెట్టుకోండి, ఫ్యాను కింద ముద్ద ఎండిపోతే రంగు దిగదు. రెండున్నర, మూడు గంటల తర్వాత షాంపూ లేకుండా నీళ్లతో కడగండి. ఇప్పుడు తెలుపంతా నారింజ రంగులో కనిపిస్తుంది, భయపడకండి. జుట్టు కొంచెం తడిగా ఉండగానే నీలి ఆకు పొడిని చిటికెడు ఉప్పు, గోరువెచ్చటి నీళ్లతో కలపండి. ఇందులో నిమ్మరసం వేయకూడదు. దీన్ని గంటల తరబడి నానబెట్టకూడదు కూడా. పది, పదిహేను నిమిషాలు ఆగి, ముద్ద మీద నీలి ఛాయ కనిపించగానే పూయడం మొదలుపెట్టి, అరగంటలోపు ముగించండి. ఆలస్యమైతే బలం పోతుంది. గంట, గంటన్నర ఉంచి నీళ్లతోనే కడిగి, రెండు రోజులు షాంపూ, కుంకుడు ముట్టకండి. రంగు గాలిలో ముదరడానికి ఆ సమయం కావాలి.

ఈ పద్ధతిలో తేడా వచ్చేది రెండు చోట్ల. కణతల దగ్గర రాగి రంగు మిగిలిపోతే నీలి ఆకు సరిగా పట్టలేదని అర్థం, మూడో రోజు అక్కడికి మాత్రమే మళ్లీ గంటసేపు పూస్తే సరిపోతుంది. జుట్టు గడ్డిలా బిగుసుకుంటే నెలనెలా పొడవంతా గోరింటాకు పూసి పొరలు పేర్చుకున్నారని అర్థం. రసాయనం లేదు కదా అని గోరింటాకును అదుపు లేకుండా వాడేవారి జుట్టు కూడా ఎండిపోతుంది. పసిపిల్లలకు దీన్ని పూయవద్దు. ఎర్ర రక్తకణాలను కాపాడే జీ6పీడీ అనే ఎంజైమ్ లోపం పుట్టుకతో ఉన్నవారిలో, ముఖ్యంగా శిశువుల్లో, గోరింటాకు రంగు చర్మం ద్వారా లోపలికి వెళ్లి ఆ కణాలను పగలగొట్టగలదు.

చర్మ పరీక్షలో ఏమీ రాలేదు, తెలుపు సగానికి మించి ఉంది, ఒక పూటంతా కూర్చునే ఓపిక లేదు అంటే పర్మనెంటే దారి. నేను వాడేది అదే, మొహమాటం లేకుండా చెబుతున్నాను. తలస్నానం చేసిన మర్నాడు వేసుకుంటే మాడుకు మంట తక్కువ. నుదుటి అంచున, చెవుల మీద వ్యాజిలైన్ రాయండి. లోహపు గిన్నె వద్దు. కొత్తగా పెరిగిన తెలుపుకే పూయండి, ముందు కణతలకు. మొత్తం పూశాకే గడియారం చూసుకోవాలి, మొదటి పాయ దగ్గర కాదు. తక్కువసేపు ఉంచడం వల్లే కణతల తెలుపు తొందరగా బయటపడుతుంది. కరపత్రంలో ఇచ్చిన గరిష్ఠ సమయాన్ని మాత్రం దాటకండి. పాత పొడవు వెలిసినట్టుంటే చివరి ఐదు నిమిషాల్లో తడి చేత్తో ముద్దను కిందికి లాగితే చాలు. మిగిలిన ముద్దను సీసాలో పోసి మూత బిగించవద్దు. పెరాక్సైడ్ నుంచి ఆక్సిజన్ వెలువడి సీసా ఉబ్బి పగలవచ్చు. ఐదారు వారాలకు ఒకసారి చాలు. పిల్లలకు అందని చోట పెట్టండి. పీపీడీ ఉన్న రంగు కడుపులోకి వెళితే గొంతు వాచి ఊపిరి ఆగే ప్రమాదం ఉంది.

నల్లటి జుట్టుకు లేత గోధుమ రంగు ఎంచుకుంటే ఒక చిక్కు ఉంది. పెరాక్సైడ్ వల్ల పక్కనున్న నల్ల వెంట్రుకలు కూడా కొంచెం వెలుస్తాయి, మాడు వేడికి కుదుళ్లు ఎర్రగా తేలతాయి. మీ సహజ రంగుకు దగ్గరగా, ముదురు గోధుమ రంగు తీసుకోండి. కారునలుపు ముఖానికి టోపీ పెట్టినట్టుంటుంది, తెలుపు పెరిగినప్పుడు గీత గీసినట్టు తెలిసిపోతుంది కూడా.

చర్మ పరీక్ష గోరింటాకుకు, నీలి ఆకుకు విడివిడిగా చర్మవైద్యుల దగ్గర చేయించి, ఏమీ రాలేదని చూసుకున్నాకే వదినకు ఒక శనివారం పొద్దున మొదలుపెట్టాం. ఆదివారం ఉదయం పెరట్లో అద్దం పట్టుకొని చూసుకొని “పచ్చగా ఉందేమిటమ్మా, బడిలో పిల్లలు నవ్వరూ?” అంది. సోమవారం కొప్పు చుట్టుకొని వెళ్లింది. మంగళవారానికి పచ్చదనం పోయింది. ఎడమ కణత దగ్గర నాలుగైదు వెంట్రుకలు రాగి రంగులో మిగిలాయి, బుధవారం రాత్రి 10 గ్రాముల నీలి ఆకు పొడితో వాటిని కూడా కప్పేశాం. నుదుటి మీద పొక్కులు రాలేదు. పాత ‘నల్ల హెన్నా’ ప్యాకెట్లు ఇంకా రెండు మిగిలి ఉంటే అన్నయ్య తన మీసానికి అట్టిపెట్టుకుంటానన్నాడు. చెవి వెనక పూసి, 48 గంటలు ఆగమన్నాం.